అంతా రాసిపెట్టే ఉంటే... ముహూర్తం ఎందుకు?

కొత్త బండి కొన్న రోజు మనవాళ్లు ఏం చేస్తారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. షోరూమ్ నుంచి నేరుగా గుడికి తీసుకెళ్తారు. పసుపు, కుంకుమ, దండ. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఆ తర్వాత అదే నాన్న, అదే గుడి బయట నిలబడి, "హెల్మెట్ లేకుండా బండి తీశావంటే తాళం లాక్కుంటా" అంటాడు. ఇన్సూరెన్స్ అంతకు ముందే కట్టేసి ఉంటారు.

దేవుడు కాపాడతాడని నమ్మితే హెల్మెట్ ఎందుకు? హెల్మెట్టే కాపాడుతుందనుకుంటే నిమ్మకాయ ఎందుకు? జరగాల్సింది ఎలాగూ జరుగుతుందని అనుకుంటే ఆ రెండూ ఎందుకు?

ఇది మూఢనమ్మకాల మీద వ్యాసం కాదు. నమ్మకాన్ని వెనకేసుకొచ్చేదీ కాదు. "రాసిపెట్టి ఉంటే వస్తుంది" అన్న మాట, "కష్టపడితేనే వస్తుంది" అన్న మాట ఒకే నోటి నుంచి, ఒకే రోజు వింటూ పెరిగాం మనం. ఆ రెండూ ఒకే బుర్రలో ఎలా కాపురం చేస్తున్నాయో తెలుసుకోవాలనిపించింది. మా ఊళ్లో ముహూర్తాలు పెట్టే సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్లి సూటిగా అడిగాను. "అంతా ముందే రాసి ఉంటే ముహూర్తం చూడటం ఎందుకండీ? మంచి ముహూర్తంలో పెళ్లి చేసుకోవాలా, చెడ్డదాంట్లోనా అన్నది కూడా రాసే ఉంటుంది కదా?"

ఆయన నవ్వారు. "అంతా రాసి ఉందని నీకెవరు చెప్పారమ్మాయ్? కొంత రాసి ఉంది. కొంత రాస్తున్నావు. తెల్లకాగితం కూడా ఇంకా మిగిలే ఉంది" అన్నారు.

ఈ వ్యాసమంతా ఆ మూడు ముక్కలకు వివరణే.

గాదె, కుండ, పొలం

మన పెద్దలు కర్మను మూడు భాగాలు చేశారు. సంచితం, ప్రారబ్ధం, ఆగామి. పేర్లు వినగానే బరువుగా అనిపిస్తాయి గానీ, అన్నం తినేవాళ్లకు ఇది కష్టమైన లెక్కేమీ కాదు.

గాదెలో నిల్వ ఉన్న ధాన్యం సంచితం. ఎన్నో జన్మల నుంచి పోగుపడిన కర్మ మొత్తం అదీ. అందులోంచి ఈ పూటకని కొంత తీసి, దంచి, పొయ్యి మీద పెట్టాం. కుండలో ఉడుకుతున్న ఆ అన్నమే ప్రారబ్ధం. ఈ జన్మలో అనుభవించాల్సిన వాటా. పొయ్యి మీదికి ఎక్కాక దాన్ని మళ్లీ ధాన్యం చేయలేం. ఇక, ఇప్పుడు పొలంలో వేస్తున్న నాట్లున్నాయి చూశారూ, అవి ఆగామి. ఈరోజు మనం చేసే పనులు. రేపు అవే గాదెలోకి చేరతాయి.

వేదాంత గ్రంథాల్లో ఇదే సంగతిని బాణాలతో చెబుతారు. అమ్ములపొదిలో ఉన్నది సంచితం, వింటికి ఎక్కించింది ఆగామి, వింటిని దాటిపోయింది ప్రారబ్ధం. జ్ఞానం వచ్చినా సరే, వదిలేసిన బాణాన్ని వెనక్కి పిలవలేమని శంకరాచార్యుల సంప్రదాయం చెబుతుంది. వింటి మీద ఉన్నదాన్ని మాత్రం దించొచ్చు.

ఇక్కడ చాలామంది దాటేసి పోయే విషయం ఒకటుంది. ఈ లెక్కలో మన తలరాతను బయటివాడెవడో కూర్చుని రాయలేదు. ప్రారబ్ధం కూడా ఒకప్పుడు నేను ఇష్టపడి వేసిన నాటే. అంటే రాత అన్నది పాత చేతే. విధికీ, ప్రయత్నానికీ మధ్య జరిగే పోట్లాట నిజానికి నిన్నటి నాకూ, ఈరోజు నాకూ మధ్య జరుగుతోంది.

పునర్జన్మను నమ్మనివాళ్లకు ఈ పునాది ఒప్పుకోవడం కష్టమే. దాన్ని రుజువు చేయడానికి ఏ కొలతా లేదు. కానీ నమ్మేవాళ్లు రెండు మాటలూ ఎలా మాట్లాడగలుగుతున్నారో అర్థం కావాలంటే ఈ మూడు ముక్కలే తాళంచెవి.

పదహారేళ్ల కుర్రాడు, రెండు పొట్టేళ్లు

యోగవాసిష్ఠం అని ఓ పెద్ద సంస్కృత గ్రంథం ఉంది. కథ మొదలయ్యేసరికి రాముడికి ఇంకా పదహారేళ్లు నిండలేదు. తీర్థయాత్రలకు వెళ్లి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడడు, తిండి సయించదు, దేని మీదా ఆసక్తి లేదు. ఈ రాజ్యాలు, ఈ సంపదలు ఎందుకు, చివరికి అంతా పోయేదే కదా అని కూర్చుంటాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే గదిలోంచి బయటికి రాని కుర్రాడు. సరిగ్గా అప్పుడే విశ్వామిత్రుడు యాగ రక్షణకు రాముణ్ణి పంపమని అడగడానికి వస్తాడు.

వసిష్ఠుడు ఆ కుర్రాడికి బోధ మొదలుపెట్టేటప్పుడు ఏం చెబుతాడని అనుకుంటున్నారు? "అంతా విధి, ఒప్పుకో" అని కాదు. దానికి పూర్తిగా అటువైపు. దైవం అంటూ వేరే ఏమీ లేదంటాడు. గతంలో చేసిన ప్రయత్నానికే మనం ఆ పేరు పెట్టుకున్నామంటాడు. పాత ప్రయత్నం, కొత్త ప్రయత్నం రెండు పొట్టేళ్లలా తలలు ఢీకొంటాయని, వాటిలో బలమైనది గెలుస్తుందని చెబుతాడు. పాతది గెలుస్తోందంటే కొత్తదాని బలం చాలలేదని అర్థం చేసుకుని ఇంకా గట్టిగా ప్రయత్నించమంటాడు. విధిని నమ్ముకుని చేతులు ముడుచుకునేవాళ్లను వసిష్ఠుడు తిట్టినంతగా ఇంకెవరూ తిట్టి ఉండరు.

పొట్టేళ్ల పందెం చూసినవాళ్లకు ఈ పోలిక ఎంత కచ్చితమైనదో తెలుస్తుంది. అందులో ఎవరు గెలుస్తారో ముందే తెలియదు. ఢీకొన్నాకే తెలుస్తుంది.

ఇదంతా విని "ఓహో, కష్టపడితే ఏదైనా సాధించొచ్చు" అని మోటివేషనల్ వీడియోలా తీసుకుంటే మళ్లీ తప్పులో కాలేసినట్టే. ఎందుకంటే ఇదే సంప్రదాయంలో ఇంకో గొంతు కూడా ఉంది. ఆ గొంతు సాక్షాత్తూ కృష్ణుడిది.

"వాన మాత్రం నా చేతిలో లేదు"

మహాభారతంలో ఉద్యోగపర్వం. యుద్ధం ఆపడానికి కృష్ణుడు కౌరవుల దగ్గరికి రాయబారం వెళ్లబోతున్నాడు. సంధి కుదురుతుందా లేదా అన్న మాట వచ్చినప్పుడు ఆయన అర్జునుడితో రైతు ఉదాహరణ ఒకటి చెబుతాడు. రైతు దున్నుతాడు, కలుపు తీస్తాడు, పొలాన్ని చక్కగా సిద్ధం చేస్తాడు. అయినా వాన పడకపోతే పంట రాదు. నీళ్లు తోడి పెట్టుకున్నా ఒక్కోసారి ఎండిపోతుంది. మనిషి ప్రయత్నంతో అయ్యేదంతా నేను చేస్తాను, దైవం చేతిలో ఉన్నదాన్ని మాత్రం నేను మార్చలేను అంటాడు.

భక్తుల దృష్టిలో కృష్ణుడే దేవుడు. ఆ దేవుడే "నా వంతు నేను చేస్తాను, మిగతాది నా చేతిలో లేదు" అంటున్నాడు! పైగా ఆ రాయబారం ఫలించలేదు కూడా. ఫలించదన్న అనుమానం ఉన్నా ఆయన వెళ్లాడు. వెళ్లకుండా ఉంటే "ప్రయత్నిస్తే ఆగేదేమో" అన్న మాట మిగిలిపోయేది.

భగవద్గీత చివరి అధ్యాయంలో ఇదే ఆలోచన ఒక జాబితాలా వస్తుంది. ఏ పని జరగాలన్నా ఐదు కావాలి. అది జరిగే ఆధారం అంటే శరీరం, చేసే మనిషి, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. గ్రూప్స్‌కి చదివే అబ్బాయిని తీసుకోండి. ఆరోగ్యం మొదటిది. చదువుదామన్న అతని నిర్ణయం రెండోది. కళ్లు, బుర్ర, పుస్తకాలు మూడోది. రోజూ కూర్చోవడం, రాసి చూసుకోవడం, మాక్ టెస్టులు నాలుగోది. పరీక్ష రోజు ఏ ప్రశ్నలు వస్తాయి, నోటిఫికేషన్ కోర్టులో ఇరుక్కుంటుందా, కటాఫ్ ఎంత దగ్గర ఆగుతుంది, ఇవన్నీ ఐదోది.

గమనించండి, ఐదింటిలో దైవం ఒక్కటే. ఉంది, కానీ ఒక్కటే. అది సున్నా అని గీత అనలేదు. అదే మొత్తమని కూడా అనలేదు. యాజ్ఞవల్క్య స్మృతి దీన్ని ఇంకా తేలిగ్గా చెబుతుంది. ఒక్క చక్రంతో బండి ఎలా నడవదో, మనిషి ప్రయత్నం లేకుండా దైవం కూడా అలాగే ఫలించదట.

సరే, పుస్తకాల్లో ఇలా ఉంది. మరి ఇళ్లల్లో? అక్కడికే వద్దాం.

మా అక్క జాతకంలో కుజుడు

మా పెద్దమ్మ కూతురికి రెండేళ్ల కిందట ఒక సంబంధం వచ్చింది. ఇద్దరూ మాట్లాడుకున్నారు, నచ్చారు. అబ్బాయి తరఫువాళ్లు ఫోన్‌లో ఏదో జాతకం యాప్ తెరిచి వివరాలు కొట్టారు. ఎర్ర అక్షరాల్లో "కుజదోషం ఉంది" అని వచ్చింది. మర్నాటి నుంచి ఫోన్ ఎత్తలేదు.

ఆ లెక్క ఎలా వేస్తారో చూడండి. తర్వాత మీ ఇంట్లోనూ పనికొస్తుంది. మనిషి పుట్టిన సమయానికి తూర్పున ఉదయిస్తున్న రాశి లగ్నం. దాన్ని ఒకటి అనుకుని వరసగా లెక్కపెడితే పన్నెండు స్థానాలు వస్తాయి. కుజుడు 2, 4, 7, 8, 12 స్థానాల్లో దేనిలో ఉన్నా దోషం అంటారు. కొందరు 1 కూడా కలుపుతారు. అక్కది తులా లగ్నం. కుజుడు మకరంలో ఉన్నాడు. తుల ఒకటి, వృశ్చికం రెండు, ధనుస్సు మూడు, మకరం నాలుగు. నాలుగో స్థానం కాబట్టి దోషం. యాప్ ఇక్కడ ఆగిపోయింది.

శాస్త్రం ఇక్కడ ఆగదు. మేషం, వృశ్చికం కుజుడి సొంత ఇళ్లు. మకరం ఆయనకు ఉచ్చ స్థానం. ఈ రాశుల్లో ఉంటే దోషం ఉండదని చెప్పే నియమాలున్నాయి. గురువు చూపు పడినా తగ్గుతుందంటారు. అబ్బాయికీ అమ్మాయికీ ఇద్దరికీ ఉంటే ఒకదానికొకటి చెల్లు అంటారు. సిద్ధాంతిగారు అక్క చక్రం చూసి ఒక్క నిమిషంలో తేల్చేశారు. "మకరంలో కుజుడమ్మా, ఉచ్చలో ఉన్నాడు. దోషమేముంది ఇందులో?" చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి లెక్కపెట్టి చూసినా ఏమీ లేదు.

ఇంకో ముచ్చట. ఒక్కో లగ్నం సుమారు రెండు గంటలు ఉంటుంది. అక్క పుట్టిన టైమ్ రాసిన కాగితం ఎప్పుడో పోయింది. "కోడి కూసే వేళకి పుట్టింది" అని అమ్మమ్మ చెప్పిన మాటే ఆధారం. ఆ కోడి ఓ గంట ముందు కూసి ఉంటే లగ్నం కన్య అయ్యేది. అప్పుడు మకరం ఐదో స్థానం. అసలు దోషం అన్న మాటే వచ్చేది కాదు.

ఇప్పుడు చిన్న లెక్క. పన్నెండు స్థానాల్లో ఐదు దోష స్థానాలంటే, లగ్నం ఒక్కదాని నుంచి చూసినా నూటికి 42 మందికి దోషం వస్తుంది. కొందరు చేసినట్టు లగ్నం, చంద్రుడు, శుక్రుడు మూడింటి నుంచీ చూసి ఏ ఒక్కదాంట్లో వచ్చినా దోషమే అంటే, అది నూటికి సుమారు 80 అవుతుంది. పదిమందిలో ఎనిమిది మందికి ఉండేదాన్ని దోషం అని ఎలా అనగలం? పరిహారాల నియమాలు అన్ని ఉన్నాయంటే అందుకే కాబోలు. అవి లేకపోతే ఊళ్లో పెళ్లిళ్లు జరగవు.

నేను ఈ లెక్క చెప్తే సిద్ధాంతిగారు కోప్పడలేదు. తమ సంప్రదాయంలోనే కర్మను దృఢం, అదృఢం, దృఢాదృఢం అని మూడుగా చెబుతారన్నారు. "దృఢం రాతి మీద చెక్కినట్టు. ఏం చేసినా మారదు. అదృఢం ఇసుక మీద రాసినట్టు. కొద్దిపాటి ప్రయత్నంతో చెరిగిపోతుంది. మూడోది తడి మట్టి మీద గీత. గట్టిగా పూనుకుంటే మారుతుంది. ముహూర్తాలు, శాంతులు, పూజలు అన్నీ ఆ రెండో దానికీ మూడో దానికీనమ్మా. మొదటిదానికి కాదు."

"మరి నాది ఏ రకమో ముందే ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"ప్రయత్నం చేసి చూస్తేనే తెలుస్తుంది" అన్నారు.

నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలిన జవాబు ఇదే. విధి ఉందని నమ్మేవాళ్ల లెక్క ప్రకారం కూడా, అది ఎక్కడుందో ప్రయత్నించకముందు కనిపించదు. వెనక్కి తిరిగి చూస్తేనే కనిపిస్తుంది.

పుట్టుకకే ముహూర్తం పెడితే?

జాతకం అంటే పాత కర్మకు ఫొటో లాంటిదని శాస్త్రం చెబుతుంది కదా. మరి ఆ ఫొటో తీసే టైమ్‌ని మనమే ఎంచుకుంటే?

మన దగ్గర ఇది బాగా జరుగుతున్న వ్యవహారమే. సిజేరియన్ ఎలాగూ తప్పదన్నప్పుడు సిద్ధాంతి దగ్గరికి పోయి మంచి లగ్నం పెట్టించుకుని, ఆ టైమ్‌కే ఆపరేషన్ చేయమని డాక్టర్‌ని అడుగుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో నూటికి 60కి పైగా సిజేరియన్లే. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ముహూర్తం వాటిలో ఒకటి మాత్రమే.

తర్కం ప్రకారం చూస్తే ఇది భలే చిక్కు. రాత ముందే ఖాయమైతే టైమ్ మార్చినంత మాత్రాన మారదు. టైమ్ మారిస్తే రాత మారుతుందంటే అది రాతే కాదు. సిద్ధాంతుల్లోనూ దీని మీద రెండు మాటలున్నాయి. ఆ టైమ్‌కి ఆపరేషన్ చేయించాలన్న బుద్ధి పుట్టడం కూడా ఆ బిడ్డ ప్రారబ్ధమేనంటారు కొందరు. చేయిపెట్టి మార్చిన పుట్టుకకు జాతకమే చెల్లదంటారు ఇంకొందరు.

తర్కం సంగతి ఎలా ఉన్నా, ఒంటి సంగతి మాత్రం స్పష్టం. వైద్యపరమైన కారణం లేకుండా 39 వారాలు నిండకముందే సిజేరియన్ చేస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ. పుష్కరాంశ కోసం ఊపిరితిత్తులు తొందరపడవు. 39 నిండాక, డాక్టర్ సరేనన్న రోజుల్లో ఓ గంట ఎంచుకుంటే పెద్ద నష్టమేమీ లేదు. గంట కోసం వారాలు తగ్గిస్తేనే ప్రమాదం. కృష్ణుడి రైతు భాషలో చెప్పాలంటే, మంచి రోజని పంటను పచ్చిగా కోసుకోవడం అది.

తిరువణ్ణామలైలో ఒక అమ్మ, ఒక కాగితం

"ప్రయత్నం చేయాల్సిందే" అన్న మాటకు గట్టి ఎదురుదెబ్బ రమణ మహర్షి దగ్గర తగులుతుంది. 1896లో, పదహారేళ్ల వయసులో ఆయన మదురైలో ఇల్లు వదిలి తిరువణ్ణామలై చేరారు. రెండేళ్ల తర్వాత, 1898 డిసెంబర్‌లో, తల్లి అళగమ్మాళ్ కొడుకును వెతుక్కుంటూ వచ్చారు. పవళక్కున్ఱు అనే చిన్న గుట్ట మీద కనిపించాడు. ఆవిడ రోజుల తరబడి ఏడ్చారు, బతిమాలారు. ఆయన మౌనంలో ఉన్నారు. చూడలేక అక్కడున్న ఒకాయన కాగితం, పెన్సిల్ ఇచ్చారు.

ఆయన రాసిన సారాంశం ఇది. ఎవరి ప్రారబ్ధాన్ని బట్టి వాళ్లను నడిపించేవాడు నడిపిస్తాడు. జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదు, జరగాల్సింది ఎంత అడ్డుకున్నా ఆగదు, కాబట్టి మౌనంగా ఉండటం మేలు. ఆ తల్లి కొడుకు లేకుండానే వెనక్కి వెళ్లిపోయారు.

కథ అంతటితో అయిపోతే రమణులు పక్కా విధివాది అనేయొచ్చు. కానీ 1914లో అదే అమ్మ కొడుకును చూడటానికి వచ్చి తీవ్రమైన జ్వరంతో మంచం పట్టారు. అప్పుడు రమణులు ఆమె కోలుకోవాలని అరుణాచలేశ్వరుణ్ణి వేడుకుంటూ నాలుగు పద్యాలు రాశారు. పక్కన కూర్చుని సేవ చేశారు. ఆవిడ కోలుకున్నారు. 1916లో శాశ్వతంగా కొడుకు దగ్గరికే వచ్చేసి, 1922లో పోయేదాకా అక్కడే ఉన్నారు.

జరగాల్సిందే జరుగుతుందని రాసిన చెయ్యే జ్వరం తగ్గాలని ప్రార్థన రాసింది. ఇందులో తేడా ఎక్కడుందో భక్తులు ఇలా చెబుతారు. మొదటిది, అమ్మకు దుఃఖం తగ్గడానికి చెప్పిన మాట. రెండోది, అమ్మకు నొప్పి ఉన్నప్పుడు చేయాల్సిన పని. "ఉళ్ళదు నార్పదు" అనే తన రచనలో రమణులే ఈ వాదం సంగతి తేల్చారు. విధి గెలుస్తుందా, ప్రయత్నం గెలుస్తుందా అన్న గొడవ ఆ రెండింటికీ మూలమైన "నేను" ఎవరో తెలియనివాళ్లకేనట. ఆ మెట్టు మనలాంటివాళ్లకు చాలా దూరం. కానీ జ్వరం వచ్చిన అమ్మ పక్కన కూర్చోవడం మాత్రం దూరం కాదు.

ఎవరి గురించి అంటున్నాం, ఎప్పుడు అంటున్నాం

ఇంతమందితో మాట్లాడాక నాకు అర్థమైంది ఒకటి. నమ్మకం ఉన్న మామూలు మనుషులు ఈ రెండు ఆలోచనలనూ కలిపేసుకోరు. కాలాన్ని బట్టి వాడుకుంటారు. జరిగిపోయినదానికి రాత అంటారు. జరగాల్సినదానికి చేత అంటారు. పిల్లాడికి సీటు రాలేదనుకోండి, "మనకు రాసిపెట్టి లేదులే" అని అన్నం తినిపిస్తారు. మర్నాడు పొద్దున్నే "లేచి చదువుకోరా" అంటారు. ఇందులో తిరకాసేం లేదు. ఉడికిన అన్నాన్ని తింటూ, పొలానికి వెళ్లడం లాంటిదే ఇది.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, ఈ కాలాలు తారుమారైనప్పుడు. రేపటి గురించి "రాసి ఉంటే అదే వస్తుంది" అన్నామంటే పొలం బీడు పడుతుంది. నిన్నటి గురించి "ఇంకా కష్టపడి ఉండాల్సింది" అని రోజూ తవ్వుకున్నామంటే మనిషి నలిగిపోతాడు. వాన పడని ఏడాది రైతును సోమరి అన్నట్టే అది.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ప్రారబ్ధం అన్న మాటను ఎదుటివాళ్ల మీద వాడటం. మొగుడు కొడుతున్నాడని పుట్టింటికొచ్చిన ఆడపిల్లతో "నీ ఖర్మ ఇంతే అమ్మా, సర్దుకో" అనడం. మన దేశంలో కులం పేరుతో జరిగిన అన్యాయాన్ని కూడా తరాల తరబడి ఇదే మాటతో సమర్థించారు. సిద్ధాంతిగారిని ఈ ప్రశ్న కూడా అడిగాను. ఆయన గొంతు మారింది.

"నుయ్యిలో పడ్డవాణ్ణి చూసి వాడి ప్రారబ్ధం అంటావా? వాడు పడటం వాడి ప్రారబ్ధమో కాదో నాకు తెలియదు. తాడు వేయకుండా నిలబడ్డావు చూడు, అది మాత్రం నీ ఆగామి. నీ ఖాతాలో ఇప్పుడే రాసుకుంటున్నావు."

ఎవరైనా ఆ మాట వాడినప్పుడు ఈ రెండూ చూసుకుంటే చాలు. ఎవరి గురించి అంటున్నారు? జరిగిపోయినదాని గురించా, ఇంకా జరుగుతున్నదాని గురించా? తన గురించి, జరిగిపోయినదాని గురించి అయితే అది ఓదార్పు. ఎదుటివాళ్ల గురించి, ఇంకా ఆపగలిగినదాని గురించి అయితే అది తప్పించుకోవడం. మాట ఒక్కటే, పని వేరు.

మా అక్కను అడిగాను, ఆ సంబంధం పోయినందుకు బాధ లేదా అని. "చూడవే, ఆ అబ్బాయి నాకు రాసి లేడు, అంతే. దాని గురించి ఏడ్చేది లేదు" అంది. ఒక్క క్షణం ఆగి, "కానీ ఈసారి వచ్చేవాళ్లకి జాతకం నేనే పంపిస్తా. కింద మకరంలో కుజుడు, ఉచ్చ, దోషం లేదు అని నా చేత్తో రాసి మరీ పంపిస్తా" అంది.

మొదటి వాక్యం రాత. రెండోది చేత. మధ్యలో అక్క తీసుకున్నది ఒక్క ఊపిరి విరామం మాత్రమే.